16 బిట్‌కి దించేటప్పుడు డిథర్: ఏది పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

మీ దగ్గర రెండు రికార్డింగులు ఉన్నాయనుకుందాం. ఒకటి విశాఖ కళాభారతిలో జరిగిన వీణ కచేరీ. రెండోది తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో పట్టిన అలల హోరు. రెండూ 24 బిట్‌లో ఉన్నాయి, రెండూ సీడీకి వెళ్లాలి కాబట్టి 16 బిట్‌కి దించాలి. ఎక్స్‌పోర్ట్ విండోలో డిథర్ అన్న చోట, అంటే బిట్లు తగ్గించే ముందు కావాలని కలిపే సన్నటి నాయిస్‌ని ఎంచుకునే చోట, నాలుగైదు పేర్లు కనిపిస్తాయి. అలల ఫైలుకి వాటిలో ఏది పెట్టినా, అసలేదీ పెట్టకపోయినా వినేవాడికి తేడా తెలియదు. వీణ ట్రాకు చివర తంబురా సన్నగిల్లే చోట మాత్రం తెలిసే అవకాశం ఉంది. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే ఏ పేరు నొక్కాలో చాలావరకు తేలిపోతుంది.

16 బిట్‌లో శబ్దాన్ని రాసుకోవడానికి ఉండేవి 65,536 మెట్లు. ఒక్కో మెట్టు ఎత్తు ఫుల్ స్కేల్ కన్నా సుమారు 90.3 డీబీ కింద ఉంటుంది. 24 బిట్ ఫైల్లోని విలువ రెండు మెట్ల మధ్య పడితే దాన్ని దగ్గరి మెట్టుకి సర్దాలి. ఈ సర్దుబాటులో వచ్చే తేడాయే క్వాంటైజేషన్ ఎర్రర్. పాట గట్టిగా నడుస్తున్నప్పుడు సిగ్నల్ వేల మెట్లు ఎక్కి దిగుతుంది. అప్పుడు ఒక్కో శాంపిల్‌కి ఎర్రర్ ఎటు పడుతుందో ఊహకి అందదు. అది ఒట్టి హిస్‌లా చెల్లాచెదురై పాట కింద మునిగిపోతుంది. సిగ్నల్ నాలుగైదు మెట్లకి చిక్కిపోయినప్పుడు కథ మారుతుంది. ఎర్రర్ ఇక చెల్లాచెదురుగా ఉండదు, సిగ్నల్ వేవ్‌ఫామ్ వెంటే నడుస్తుంది. అలా వెంట నడిచే ఎర్రర్ చెవికి నాయిస్‌లా కాకుండా స్వరానికి అంటుకున్న గరగరలా తగులుతుంది. డిస్టార్షన్ అనేది దాన్నే.

లెక్క వేసి చూద్దాం. వీణ ఆగిపోయింది, తంబురా ఒక్కటే −50 డీబీ పీక్‌తో మోగుతోంది. అంటే సుమారు 100 మెట్ల ఎత్తు. హాల్లో ఏసీ హోరు, మైకు ప్రీయాంప్ హిస్ కలిపి ఆర్‌ఎంఎస్ కొలతలో −75 డీబీ దగ్గర ఉన్నాయి, అంటే దాదాపు 6 మెట్లు. ఇక్కడి నుంచి సెకనుకి 10 డీబీ చొప్పున తగ్గే 9 సెకన్ల ఫేడౌట్ పెట్టారు.

ఫేడ్ మొదట్లో ఏ ఇబ్బందీ ఉండదు. హాలు నాయిస్ 6 మెట్ల మేర కదులుతూనే ఉంది కాబట్టి తంబురా ఏ మెట్టు మీదా నిలకడగా కూర్చోదు. రికార్డింగులో సహజంగా ఉన్న నాయిసే డిథర్ పని చేసేస్తోంది. దానికి ఆర్‌ఎంఎస్‌లో అర మెట్టు ఉంటే చాలు, ఇక్కడ అంతకు పన్నెండు రెట్లు ఉంది. కానీ ఫేడౌట్ తంబురాని ఒక్కదాన్నే తగ్గించదు, ఆ నాయిస్‌నీ తగ్గిస్తుంది. రెండో సెకను దాటేసరికి నాయిస్ 0.6 మెట్టుకి వచ్చింది, మూడో సెకనుకి 0.2 కూడా లేదు. తంబురా మాత్రం ఇంకా 3 మెట్ల పైనే ఉంది. కాపలా కాసే నాయిస్ ముందే వెళ్లిపోయింది, స్వరం ఒంటరిగా మిగిలింది. “మా రూమ్ నాయిస్ ఎక్కువే, మాకు డిథర్ ఎందుకు” అనేవాళ్లు తప్పిపోయేది సరిగ్గా ఇక్కడే. ఫేడ్ లేని ట్రాకుకి ఆ మాట నిజం, ఫేడ్ ఉన్నదానికి కాదు.

నాలుగో సెకనులో తంబురా పీక్ సరిగ్గా ఒక మెట్టుకి చేరుతుంది. సులువుగా ఉండడానికి దాన్ని ఒకే సైన్ వేవ్ అనుకుందాం. విలువ అర మెట్టు దాటితే 1, కింద అర దాటితే −1, మధ్యలో ఉంటే 0. నున్నటి సైన్ కాస్తా మూడంతస్తుల పెట్టెలా తయారవుతుంది. మూల స్వరంలో అయిదో వంతు బలంతో 5వ హార్మోనిక్, ఏడో వంతు బలంతో 7వది కొత్తగా పుట్టుకొస్తాయి. ఇంకో అర సెకనుకి పీక్ 0.6 మెట్టు అవుతుంది. ఇప్పుడు వేవ్ మొత్తం కాలంలో మూడో వంతుకి కాస్త పైన మాత్రమే సున్నా దాటుతుంది, మిగతా అంతా సున్నాయే. 3వ హార్మోనిక్ మూల స్వరంలో 59 శాతానికి చేరుతుంది. ఆ తర్వాత పీక్ అర మెట్టు కిందికి జారగానే, అంటే 4.6 సెకన్ల దగ్గర, మిగిలేది సంపూర్ణ సున్నా. 9 సెకన్ల ఫేడ్ అని మీరు పెట్టింది సగంలోనే తెగిపోయింది, అదీ గరగరమని.

మామూలు వాల్యూమ్‌లో ఇది చాలామందికి వినబడదు, ఆ మాట దాచనక్కర్లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని నెమ్మది చోట్ల వాల్యూమ్ పెంచి వినేవాళ్లకీ, మొత్తం తక్కువ లెవెల్‌లో మాస్టర్ చేసిన శాస్త్రీయ సంగీతానికీ ఇది లెక్కలోకి వస్తుంది. మందు ఖరీదు ఒక్క క్లిక్కే కాబట్టి వెయ్యకపోవడానికి కారణం వెతకడం దండగ.

డిథర్ ఎలా పనిచేస్తుందో ఒక్క అంకె మీద చూడొచ్చు. సిగ్నల్ 0.3 మెట్టు దగ్గర నిలకడగా ఉందనుకోండి. డిథర్ లేకపోతే ప్రతి శాంపిల్ 0 అవుతుంది, ఆ 0.3 ఉన్నట్టు ఎక్కడా ఆనవాలు మిగలదు. ఇప్పుడు సర్దేముందు ప్రతి శాంపిల్‌కీ −0.5 నుంచి +0.5 మధ్య ఏదో ఒక యాదృచ్ఛిక విలువ కలపండి. కలిపిన విలువ 0.2 దాటినప్పుడల్లా మొత్తం 0.5 దాటి 1 అవుతుంది. అలా జరిగేది నూటికి 30 సార్లు. 30 ఒకట్లు, 70 సున్నాలు, సగటు 0.3. మెట్టు కన్నా చిన్న సిగ్నల్ ఇప్పుడు ఒకట్ల సాంద్రతలో బతికే ఉంది. చెవి కూడా వేల శాంపిళ్లని కలిపే వింటుంది కాబట్టి హిస్ అడుగున స్వరాన్ని పట్టుకోగలదు. అందుకే డిథర్ డిస్టార్షన్‌ని కప్పేస్తుంది అనడం పూర్తిగా సరికాదు. పెద్ద చప్పుడు పెట్టి చిన్న చప్పుడుని దాచడం కాదిది. ఎర్రర్‌కి సిగ్నల్‌తో ఉన్న లంకెని తెంచేస్తుంది, హార్మోనిక్స్ అసలు పుట్టవు. వాటి బదులు నిలకడైన హిస్ వస్తుంది.

పైన కలిపింది దీర్ఘచతురస్ర డిథర్, స్క్రీన్ మీద `Rectangle` లేదా `RPDF`. సగటు సరిగ్గా వచ్చింది కదా, ఇది చాలదా? చాలదు. నాయిస్ ఎంత వస్తోందో చూడండి. 0.3 దగ్గర ఒకట్లు, సున్నాలు 30–70గా కలిసి ఉన్నాయి కాబట్టి నాయిస్ బలాన్ని చెప్పే వేరియన్స్ 0.21. సిగ్నల్ 0.5 దగ్గర ఉంటే సగం సగం, 0.25. సరిగ్గా 0 దగ్గర ఉంటే ప్రతి శాంపిల్ సున్నాయే, నాయిస్ కూడా సున్నాయే. అంటే హిస్ స్థాయి సిగ్నల్‌ని బట్టి మారుతోంది. తంబురా తగ్గుతుంటే హిస్ కూడా దానితో పాటు ఊపిరి పీల్చినట్టు పెరిగి తగ్గుతుంది. దీన్ని నాయిస్ మాడ్యులేషన్ అంటారు. నిలకడగా ఉండే హిస్‌ని చెవి కాసేపట్లో మరిచిపోతుంది, కదిలేదాన్ని మరిచిపోదు.

త్రికోణ డిథర్‌కి, అంటే `Triangle` లేదా `TPDF` అని కనిపించేదానికి, రెండు స్వతంత్ర యాదృచ్ఛిక విలువలని కలుపుతారు. వెడల్పు −1 నుంచి +1 దాకా, సున్నా దగ్గర విలువలు ఎక్కువ, అంచుల్లో తక్కువ. అదే 0.3 మీద పెట్టి చూస్తే నూటికి 32 సార్లు 1, రెండు సార్లు −1, మిగతాది 0. సగటు మళ్లీ 0.3. వేరియన్స్ మాత్రం 0.25. సిగ్నల్ 0 దగ్గర ఉంటే 1 కి 12.5 శాతం, −1 కి 12.5 శాతం, వేరియన్స్ మళ్లీ 0.25. ఎక్కడ పెట్టినా అదే అంకె వస్తుంది. హిస్ కదలదు. దీని వెనక ఉన్న గణితాన్ని లిప్షిట్జ్, వాండర్‌కూయ్, వనమేకర్ 1992లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో వివరంగా రాశారు. దీనికి చెల్లించే ధర డిథర్ లేని ఆదర్శ లెక్కతో పోలిస్తే 4.8 డీబీ అదనపు నాయిస్. 16 బిట్‌లో ఫుల్ స్కేల్ సైన్‌కి నాయిస్ ఫ్లోర్ −98.1 నుంచి −93.3 డీబీకి పైకొస్తుంది. పైగా ఆ −98.1 అనేది కాగితం మీది అంకె. నెమ్మది భాగాల్లో అది నాయిస్‌గా ఉండదు, గరగరగా ఉంటుంది.

కాబట్టి దీర్ఘచతురస్రమా, త్రికోణమా అన్న ప్రశ్న వస్తే త్రికోణమే. రెక్టాంగిల్‌ని ఎంచుకోవడానికి ఈ రోజుల్లో కారణం కనబడదు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో గాసియన్ డిథర్ కూడా ఉంటుంది. అర మెట్టు ఆర్‌ఎంఎస్‌తో పెడితే నాయిస్ త్రికోణం కన్నా 1.2 డీబీ ఎక్కువ వస్తుంది, దానికి బదులుగా దక్కేదేమీ లేదు.

అసలు తర్జనభర్జన త్రికోణానికీ నాయిస్ షేపింగ్‌కీ మధ్య. షేపింగ్‌లో ఒక శాంపిల్ దగ్గర జరిగిన ఎర్రర్‌ని ఫిల్టర్ చేసి తర్వాతి శాంపిళ్ల లెక్కలోకి పంపుతారు. దాంతో నాయిస్ చెవి బాగా పట్టే 2–5 కిలోహెర్ట్జ్ ప్రాంతం నుంచి తప్పుకుని, 15 కిలోహెర్ట్జ్ పైకి, అంతగా వినబడని చోటుకి చేరుతుంది. ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బుతుంది కాబట్టి మీటరు పెట్టి మొత్తం కొలిస్తే త్రికోణం కన్నా ఎక్కువే చూపిస్తుంది. చెవికి మాత్రం తక్కువ. మన తంబురా ఫేడ్ మీద దీని ప్రయోజనం నిజమైనదే. 4వ సెకను తర్వాత కూడా స్వరం హిస్‌లో కలిసిపోకుండా ఇంకాస్త దూరం వినబడుతుంది.

దానికి రెండు షరతులు. మొదటిది, ఆ ఫైల్ మీద ఇక ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. పైకి నెట్టిన ఆ హై ఫ్రీక్వెన్సీ నాయిస్ మీద తర్వాత ఎవరైనా ట్రెబుల్ పెంచారంటే దాచిపెట్టింది బయటపడుతుంది. శాంపిల్ రేట్ మార్చినా, లెవెల్ మార్చి మళ్లీ 16 బిట్‌కి సర్దినా అంత జాగ్రత్తగా పంచిన కర్వ్ చెడుతుంది. రెండోది శాంపిల్ రేట్. షేపింగ్ కర్వ్‌లు ఫలానా రేట్ కోసం తయారవుతాయి. 44.1 కి చేసినదాన్ని 22.05 కిలోహెర్ట్జ్ ఫైలుకి వాడితే నాయిస్‌ని నెట్టడానికి పైన ఖాళీ చోటే ఉండదు. 11 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగి వినబడుతుంది. తక్కువ రేట్‌లో త్రికోణమే క్షేమం.

షేపింగ్‌లో మళ్లీ రకాలున్నాయి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఉండే `POW-r` 1, 2, 3 లో అంకె పెరిగేకొద్దీ షేపింగ్ గట్టిపడుతుంది. సాక్స్ అనే కమాండ్‌లైన్ ప్రోగ్రాంలో `low-shibata`, `shibata`, `high-shibata` కూడా అలాంటివే. సీడీ కోసం, సున్నితమైన వాయిద్యానికి, మధ్యస్థంగా ఉండేది చాలు. అన్నిటికన్నా గట్టిదాన్ని ఎంచుకుంటే లాభం పిసరంత, పైన పోగయ్యే నాయిస్ మాత్రం చాలా.

ఏ డిథర్ అన్నదాని కన్నా ఎప్పుడు అన్నది ముఖ్యమని మా అభిప్రాయం. ఫైళ్లు పాడయ్యేది ఎక్కువగా వరుస తప్పడం వల్లే. ఫేడ్లు, లెవెల్, లిమిటర్ అన్నీ 24 బిట్‌లోనో 32 బిట్ ఫ్లోట్‌లోనో పూర్తి చెయ్యాలి. 48 నుంచి 44.1 కి మార్చాలంటే అదీ ముందే. డిథర్ ఆఖరి పని, దాని తర్వాత ఫైల్ రాయడమే. 16 బిట్ ఎక్స్‌పోర్ట్ అయ్యాక “కాస్త తక్కువగా ఉంది” అని దాన్నే తెరిచి 1.5 డీబీ పెంచి సేవ్ చేస్తే, ప్రతి విలువా మళ్లీ మెట్ల మధ్య పడుతుంది, మళ్లీ సర్దాలి. అప్పుడు తప్పనిసరైతే రెండోసారీ డిథర్ వెయ్యండి. రెండు త్రికోణాలు కలిస్తే నాయిస్ 3 డీబీ పెరుగుతుంది, అంతే. “రెండుసార్లు డిథర్ వెయ్యకూడదు” అని భయపడి రెండోసారి మానేస్తే డిస్టార్షన్ తిరిగొచ్చే దారి తెరిచినట్టే. అన్నిటికన్నా మంచిది 24 బిట్ ప్రాజెక్టుకి వెనక్కెళ్లి మళ్లీ రెండర్ చెయ్యడం.

ఇంకో పొరపాటు లిమిటర్ ప్లగిన్‌లోని డిథర్ బటన్ ఆన్ చేసి, ఎక్స్‌పోర్ట్ విండోలోనూ టిక్ పెట్టడం. ఒక్కచోటే ఉండాలి. ప్లగిన్‌లో పెడితే అది మాస్టర్ చైన్‌లో చిట్టచివర ఉండాలి, దాని తర్వాత మాస్టర్ ఫేడర్ సరిగ్గా 0 మీద ఉండాలి. ఫేడౌట్‌ని మాస్టర్ ఫేడర్ ఆటోమేషన్‌తో చేసి, డిథర్ ప్లగిన్ దానికన్నా ముందు ఉంటే, ఫేడ్ తంబురాతో పాటు డిథర్‌నీ తగ్గించేస్తుంది. డిథర్ అవసరమయ్యే వేళకి అది లేకుండా పోతుంది. హాలు నాయిస్‌కి పట్టిన గతే దీనికీ పడుతుంది.

చెవితో పరీక్షించాలంటే సాక్స్ చాలు. మొదటి లైన్ దాదాపు ఒక మెట్టు పీక్ ఉన్న 440 హెర్ట్జ్ స్వరాన్ని తయారు చేస్తుంది. తర్వాతి మూడూ దాన్ని డిథర్ లేకుండా, త్రికోణంతో, షేపింగ్‌తో 16 బిట్‌కి దించుతాయి.

```
sox -n -r 44100 -b 24 t.wav synth 10 sine 440 gain -90
sox -D t.wav -b 16 a.wav
sox t.wav -b 16 b.wav dither
sox t.wav -b 16 c.wav dither -s
play a.wav gain 60
```

చివరి లైన్‌లో ఫైల్ పేరు మారుస్తూ వినండి. `a.wav` లో నున్నగా ఉండాల్సిన స్వరం చవక బజర్‌లా మోగుతుంది, చుట్టూ హిస్ ఉండదు. `b.wav` లో నిలకడైన హిస్, దాని అడుగున నున్నటి స్వరం. మొదటి లైన్‌లో −90 బదులు −100 పెట్టి మళ్లీ అన్నీ చేస్తే `a.wav` పూర్తిగా మూగబోతుంది, `b.wav` లో స్వరం ఇంకా వినబడుతుంది. ఒక్క హెచ్చరిక: ఈ 60 డీబీ పెంపు ఈ పరీక్ష ఫైళ్లకే. మీ పాట మీద చేస్తే ఫేడ్ చివరి సెకన్లని మాత్రం కత్తిరించుకుని, స్పీకర్ వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టండి.

`c.wav` విషయంలో మాత్రం ఈ పరీక్ష న్యాయంగా ఉండదు. షేపింగ్ ఆధారపడేది సన్నటి శబ్దాల్లో చెవి పై ఫ్రీక్వెన్సీలని సరిగా పట్టలేకపోవడం మీద. 60 డీబీ పెంచితే ఆ నాయిస్ చెవికి అందే స్థాయికి వస్తుంది, అందుకే అది త్రికోణం కన్నా ఘోరంగా అనిపించవచ్చు. దాన్ని పోల్చాలంటే నెమ్మది గదిలో, మామూలు కన్నా కాస్త పెంచిన వాల్యూమ్‌లో, అసలు ట్రాకు మీదే వినాలి. ఏసీ ఆపేసి వినండి. మన ఊరి ఉక్కపోతలో అది చిన్న త్యాగం కాదు.

ఇక ఎంపిక. వీణ కచేరీ సీడీకి నేరుగా వెళ్తుంటే, ఆ 16 బిట్ ఫైల్ మీద ఇక పనేమీ లేకపోతే, మధ్యస్థమైన షేపింగ్. అదే ఫైల్‌ని ఎవరో ఇంకా ఎడిట్ చేస్తారంటే 24 బిట్‌లోనే ఇవ్వండి. వాళ్లు 16 మాత్రమే తీసుకుంటామంటే త్రికోణం. ఏం చేస్తారో తెలియకపోయినా త్రికోణమే. బీచ్ రికార్డింగుకి అలల హోరే వందల మెట్ల ఎత్తున ఉంటుంది కాబట్టి ఏదైనా ఒకటే. దానికి ఫేడ్ పెట్టినా చిక్కులేదు. ఎర్రర్ వెంట పడడానికి అందులో నిలకడైన స్వరమే లేదు, ఫేడ్ ఆఖరి క్షణంలో హోరు కాస్త ముందుగా తెగడం తప్ప. అలల మీద ఎవరైనా సన్నగా ఫ్లూట్ వాయించి ఉంటే వీణ లెక్కే దానికీ వర్తిస్తుంది.

24 బిట్ నుంచి 24 బిట్‌కే ఎక్స్‌పోర్ట్ అయితే ఆలోచించనక్కర్లేదు. అక్కడ ఒక మెట్టు −138 డీబీ దగ్గర ఉంటుంది, వినే పరికరాల సొంత నాయిస్ దానికి చాలా పైన ఉంటుంది. ఎంపీ3, ఏఏసీ చెయ్యాలంటే 24 బిట్ ఫైల్‌నే ఎన్‌కోడర్‌కి ఇవ్వండి. ముందు 16 చేసి, డిథర్ వేసి, ఆ హిస్‌ని ఎన్‌కోడ్ చేయించడంలో అర్థం లేదు.

సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఏం చేస్తోందో కూడా చూసుకోవాలి. ఆడాసిటీలో ప్రిఫరెన్సెస్ లోపల `High-quality conversion` కింద డిథర్ మామూలుగా `Shaped` మీద ఉంటుంది, కావాలంటే `Triangle` కి మార్చుకోవచ్చు. రీపర్‌లో రెండర్ విండోలో డిథర్‌కీ నాయిస్ షేపింగ్‌కీ వేర్వేరు టిక్కులు ఉంటాయి. సాక్స్ బిట్ డెప్త్ తగ్గుతోందని చూస్తే చెప్పకపోయినా తానే త్రికోణం వేస్తుంది, పైన `-D` పెట్టింది దాన్ని ఆపడానికే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ దీనికి పూర్తిగా ఉల్టా, అడగకపోతే ఏమీ వెయ్యదు. కచేరీ వీడియో నుంచి ఆడియో తీసి నేరుగా 16 బిట్ వేవ్ చేసేవాళ్లు ఇలా అడగాలి:

```
ffmpeg -i in.mp4 -af aresample=osf=s16:dither_method=triangular out.wav
```